కుట్టు వెనక కాలు

కొట్టావిడ మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినగానే అల్లికగదిలో మాటలు ఆగిపోయాయి. ఆవిడ ఎప్పుడూ పైకి రాదు. స్వెటర్లు తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తుంది, కబురు చెప్పాలంటే ఫోన్ చేస్తుంది. అలాంటిది ఆయాసపడుతూ మూడో అంతస్తు దాకా వచ్చి, గుమ్మంలోనే నిలబడి, సంచిలోంచి మూడు స్వెటర్లు తీసి బల్ల మీద పడేసింది.

"ఒక్కసారి ఉతికారంతే. చూడండి ఎలా అయ్యాయో."

ఇస్త్రీబల్ల దగ్గరున్న మరదలు ముందుగా చెయ్యి చాచి ఒకటి అందుకుంది. ఆ గదిలో అందరూ ఆమెను మరదలు అనే అంటారు. గది నడిపేది ఆమె వదిన. అన్న పోయిన తరవాత ఆ ఇద్దరూ కలిసి ఈ పని పెట్టుకున్నారు. వదిన అల్లుతుంది, అల్లేవాళ్ళకు నేర్పుతుంది. మరదలికి అల్లడం వచ్చు గానీ చెయ్యి నెమ్మది. అందుకని అందరూ అల్లిన ముక్కల్ని తడిపి, ఆరబెట్టి, ఆవిరి పట్టి, ఒకదానికొకటి కలిపి కుట్టే పని ఆమెది. వచ్చిన మొదటిరోజే ఎవరైనా సరే వదినని వదినా అనీ, ఆమెని మరదలా అనీ పిలవడం మొదలుపెట్టేవారు. చివరికి కూరగాయలబండి అతను కూడా "మరదలమ్మగారూ" అనేవాడు. అలా పిలిచినప్పుడల్లా గది గదంతా నవ్వేది.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. స్వెటర్ పక్కకుట్టు చంక కింద నుంచి నిటారుగా నడుం దాకా దిగాలి. ఇది చంక దగ్గర బయల్దేరి ఏటవాలుగా జారి బొడ్డు వైపుకి వచ్చేసింది. ముందుముక్క అడుగున ఒక మూల కిందికి వేలాడుతోంది, రెండో మూల పైకి లేచింది. వీపుముక్క మాత్రం చక్కగా ఉంది.

"వేసుకున్నావిడ ఏమందో తెలుసా?" అంది కొట్టావిడ. "తిన్నగా నిలబడినా ఒంటిని ఎవరో పట్టి తిప్పుతున్నట్టుందట. ఆవిడ మాట పడ్డది నేను. ఊలు మంచిదే కదా? నేనే కొనిచ్చాను."

"ఊలు మంచిదే" అంది వదిన. తన కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాచింది. మరదలు స్వెటర్ అందించింది. వదిన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి ముందుముక్కని రెండు చేతులతో కొంచెం సాగదీసి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"కుట్లు మెలిపడ్డాయి. మళ్ళీ అల్లి ఇస్తాం."

"ఎవరి పని ఇది?"

వదిన తలెత్తలేదు. "కొత్త చెయ్యి. ఇంకా అలవాటు కాలేదు."

గదిలో కొత్త చెయ్యి ఒకటే. కిటికీ పక్కన కూర్చునే కొత్తామె. వేరే చోట నేర్చుకుని వచ్చింది. నూలు పట్టుకునే తీరే వేరు. ఆమె సూదులు ఆపేసింది.

"వదినా, ఇవి నావి కావు."

"మరి ఎవరివి?" అంది వదిన. "నీ టోపీ గుర్తులేదా?"

టోపీ అందరికీ గుర్తుంది. కొత్తామె చేరిన వారంలో నాలుగు సూదుల మీద గుండ్రంగా టోపీ ఒకటి అల్లింది. తీరా చూస్తే దాని గీతలన్నీ మరమేకు మీద గాడిలా చుట్టూ తిరుగుతూ పైకి పోయాయి. గలగలమ్మ అని పేరుపడ్డ నడివయసావిడ దాన్ని తలకి పెట్టుకుని, "నా తల వెనక్కి తిరిగిందా ముందుకే ఉందా?" అని గదంతా తిరిగింది. కొత్తామె కూడా అప్పుడు నవ్వింది. వదిన ఆమె పక్కన కూర్చుని తప్పు ఎక్కడో చూపించింది. ఆ తరవాత ఆమె టోపీ ఏదీ తిరగలేదు.

ఇప్పుడు ఆ టోపీయే సాక్ష్యం చెప్పింది. కొట్టావిడ వెళ్ళిపోయింది. ఆమె అడుగుల చప్పుడు కింద వీధిలో కలిసిపోయాక వదిన మెల్లిగా, "రేపటినుంచి నువ్వు రావద్దులేమ్మా" అంది.

కొత్తామె వాదించలేదు. తన చెక్కసూదులు గుడ్డలో చుట్టుకుంది. అల్లుతున్న ముక్కని జాగ్రత్తగా వదిన బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి మరదలి వైపు చూసింది. మరదలు తల దించుకుని, ఇస్త్రీపెట్టెలో నీళ్ళున్నాయో లేదో చూస్తున్నట్టు నటించింది.

ఎందుకంటే ఆమెకు ఒక సంగతి తెలుసు. ఆ ముందుముక్కలు తన దగ్గరికి వచ్చినప్పుడే కొంచెం ఒరిగి ఉన్నాయి. తడిపి, బల్ల మీద పరిచి, ఒరిగిన మూలని లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది. ఆరాక తిన్నగానే కనిపించాయి. నీళ్ళు తగిలితే మళ్ళీ మొదటికి వస్తాయని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ ఒరుగు కొంచెమే కదా అనుకుంది. పని వెనకబడుతోందనుకుంది. ఎవరిదో అడగలేదు.

మర్నాడు గది ఏదోలా ఉంది. గలగలమ్మ కూడా అంతగా మాట్లాడలేదు. వదిన పొద్దున కాసేపు అల్లి, పని ఉందని మధ్యాహ్నానికే ఇంటికి వెళ్ళిపోయింది. మరదలు తిరిగొచ్చిన స్వెటర్ల పక్కకుట్లు విప్పి ముక్కలు వేరు చేసింది. ముందుముక్కలు విప్పేసి ఊలు మళ్ళీ వాడాలి. విప్పేముందు ఎందుకో ఒకదాన్ని కిటికీ అద్దానికి ఆనించి చూసింది.

తిన్నగా పడిన కుట్టు రెండు కాళ్ళూ ఒకదానికొకటి తగలకుండా పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. పైన విడిపోయి, కింద దగ్గరికి వచ్చి, మధ్యలో ఖాళీతో. మెలిపడిన కుట్టు అలా కాదు. మడమల దగ్గర కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని బిగుసుకుపోతుంది. ఆ మెలి అన్ని కుట్లలోనూ ఒకే వైపుకి ఉంటుంది. ఒక్క కుట్టు మెలిపడితే కంటికి ఆనదు. వరసలు వరసలుగా పడితే బట్ట మొత్తం ఆ వైపుకి ఒరుగుతుంది. పైగా సాగే గుణం తగ్గి ఇరుగ్గా అవుతుంది. తిన్నగా ఉన్న వీపుముక్కకి ఇరుకైన ముందుముక్కని జత చేస్తే అది తన వైపుకి లాక్కుంటుంది. పక్కకుట్టు బొడ్డు మీదకి రావడానికి అదీ కారణం.

ఇదంతా ఆమెకు తెలిసిందే. తెలియనిది వేరే ఉంది. ఈ ముక్క మొత్తం మెలిపడలేదు. అడుగున పట్టీ అంతా చక్కగా ఉంది. దానిపైన ఒక బెత్తెడు కుట్లు తిన్నగా ఉన్నాయి. ఆ తరవాత అంతే మేర మెలిపడ్డాయి, అదీ వరస విడిచి వరస. మళ్ళీ తిన్నగా. మళ్ళీ మెలి. చీరంచులో జరీ చారల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి. రెండో స్వెటర్ ముందుముక్క చూసింది. అంతే. మూడోదీ అంతే.

అలవాటు కాని చెయ్యి ఇలా చెయ్యదు. అలవాటు కాని చెయ్యి తప్పు చేస్తే మొదట్నుంచి చివరిదాకా ఒకేలా చేస్తుంది. ఇది బాగా చేస్తూ చేస్తూ, మధ్యలో చెయ్యి మారి, మళ్ళీ బాగుపడిన పని.

ఆ సాయంత్రం మరదలు ఇంటికి వెళ్తూ దారి మార్చుకుని కొత్తామె ఉండే వీధిలోకి తిరిగింది.

కొత్తామె తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. లోపల ఆమె చిన్న కూతురు నేల మీద కూర్చుని బొమ్మలకు రంగులేస్తోంది.

"వదినగారు పంపించారా?"

"లేదు. నా అంతట నేనే వచ్చాను. ఒకటి చూపిస్తావా నాకు?" మరదలు సంచిలోంచి సూదులూ కొంచెం ఊలూ తీసింది. "నువ్వు ఎలా అల్లుతావో చూడాలి. ఒక సీదా వరస, ఒక ఉల్టా వరస. అంతే."

కొత్తామె ఒక్క క్షణం ఆలోచించి పక్కకి తప్పుకుంది. ఇద్దరూ వంటగది బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె చకచకా కుట్లు ఎక్కించి, బట్ట ముఖం తనవైపు పెట్టుకుని సీదా వరస వేసింది. తిప్పి, బట్ట వీపు తనవైపు పెట్టుకుని ఉల్టా వరస మొదలుపెట్టింది. అక్కడే తేడా. వదిన నేర్పిన పద్ధతిలో ఉల్టా కుట్టుకి నూలుని సూది మీద నుంచి చుట్టి కిందికి తేవాలి. కొత్తామె అలా చుట్టదు. నూలుని సూదికి కిందనే ఉంచి, సూది మొనతో చటుక్కున లాగేస్తుంది. చిన్న కదలిక. వేలు దాదాపు కదలదు.

"చూశారా, ఇలా లాగితే కుట్టు రెండో వైపుకి తిరిగి కూర్చుంటుంది" అంది కొత్తామె ముక్కని తిప్పి చూపిస్తూ. "సూది మీద కుట్టు గుర్రం ఎక్కినట్టే కదా, ఒక కాలు ముందు, ఒకటి వెనక. మీ పద్ధతిలో కుడికాలు ముందుంటుంది. నాది ఎడమకాలు ముందు."

"ఇప్పుడు సీదాలో ముందున్న కాలు పట్టుకుంటే..."

"మెలిపడుతుంది. అందుకే నేను ముందు కాలు పట్టుకోను, వెనక కాలు పట్టుకుంటా." సూదిని కుట్టు వెనక వైపు నుంచి దూర్చి లాగింది. కొత్త వరస కింద కుట్లు కాళ్ళు విడదీసుకుని చక్కగా నిలబడ్డాయి. "ఎటు కూర్చున్నా కుడికాలే పట్టుకోవాలి. అంతే మర్మం. మా ఊళ్ళో అందరం ఇలాగే అల్లుతాం. ఒక్క కుట్టూ ఒరగదు."

"మరి ఆ టోపీ?"

కొత్తామె ముఖం కొంచెం ఎర్రబడింది. "గుండ్రంగా అల్లితే ఉల్టా వరసే ఉండదు కదా, అన్నీ సీదాలే. కుట్లన్నీ కుడికాలు ముందు పెట్టుకునే కూర్చుంటాయి. నేను అలవాటుగా వెనక కాలే పట్టుకుంటూ పోయాను. ప్రతి కుట్టూ మెలిపడింది. వదినగారే కనిపెట్టారు. ‘అమ్మాయ్, గుండ్రంగా అల్లేటప్పుడు మాత్రం ముందు కాలు పట్టుకో’ అన్నారు." ఆమె సూదులు బల్ల మీద పెట్టేసింది. "నా పద్ధతి ఏమిటో ఆవిడకి బాగా తెలుసు, మరదలుగారూ. నా ముక్కలు ఒరగవని కూడా తెలుసు."

వదిన అల్లిన టోపీలు ఇప్పటికీ ముత్యాల్లా ఉన్నాయి. అందుకే నిన్నటినుంచి మరదలి మనసు ఆ వైపుకి పోలేదు. ఇప్పుడు తెలిసింది, టోపీలో ఉల్టా వరస ఉండదు. ఉల్టాలో చెయ్యి మారినా టోపీ బయటపెట్టదు. స్వెటరే బయటపెడుతుంది.

"మీరు ఆవిడ చెయ్యి చూశారా ఈమధ్య?" అంది కొత్తామె మెల్లిగా. "పొద్దున బాగానే అల్లుతారు. మధ్యాహ్నానికి ఉల్టా వరసలో నూలు చుట్టడం మానేసి, నాలాగే కింద నుంచి లాగుతారు. నేను పక్కనే కూర్చుంటాను కదా. నా దగ్గర నేర్చుకున్నారేమో అనుకుని సంతోషించాను కూడా. సీదాలో మాత్రం ముందు కాలే పట్టుకునేవారు. చెబుదామనుకున్నాను. ఆవిడకి నేను చెప్పడమేంటని ఊరుకున్నాను."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"అంతమందిలో చెబితే నమ్మేవారా మీరు?"

మరదలికి గుండుసూదుల సంగతి చెప్పాలనిపించింది. నోరు రాలేదు. లేచి వచ్చేసింది.

దారంతా చిన్న చిన్న సంగతులు గుర్తొచ్చాయి. వదిన పచ్చడి సీసా మూత తీసిపెట్టమని తన చేతికివ్వడం. తాళంచెవి తిప్పడానికి ఎడమచెయ్యి వాడడం. చలి అంటూ గదిలో కూడా కుడిచేతికి గుడ్డ చుట్టుకోవడం. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గదిలో పనిచేస్తూ తను దేన్నీ దేనితోనూ కలపలేదు. ముక్కలు కలిపి కుట్టడమే తన పనైనా.

ఇంటికి చేరేసరికి వదిన వంటింట్లో కూర్చుని అల్లుతోంది. మరదలు సంచి దించి, ఎదురుగా కుర్చీ లాక్కుని, "ఒక్కసారి ఇలా ఇవ్వు వదినా" అని చేతిలో ముక్క తీసుకుంది. వదిన చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. సూదులు అప్పటికే మరదలి చేతిలో ఉన్నాయి.

ఉల్టా వరస ఇప్పుడే అయింది. కుట్లన్నీ ఎడమకాలు ముందుకి పెట్టుకుని వరసగా కూర్చున్నాయి.

ఇద్దరూ వాటి వైపే చూశారు.

"స్వెటర్ చేతుల దగ్గర కుట్లు పెంచేటప్పుడు మనమే మెలి తిప్పుతాం కదా" అంది వదిన, ఎవరో అడిగినట్టు. "రెండు కుట్ల మధ్య దారం లేపి, దాన్ని మెలి తిప్పి అల్లకపోతే చిల్లు పడుతుంది. మెలి అంత పాపమేం కాదు."

"అది కావాలని తిప్పుతాం వదినా. చిల్లు పూడ్చడానికి" అంది మరదలు. "నువ్వు మెలి తిప్పింది కాదు నేను అడిగేది. ఆ పిల్లని ఎందుకు పంపించావు?"

వదిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలి మొదట్లో కీలు ఉబ్బి ఉంది. దాన్ని ఎడమచేత్తో కప్పుకుంది.

"మొదట నాకూ తెలీదు. మధ్యాహ్నానికి వేలు తిప్పలేకపోయేదాన్ని. నూలు పైనుంచి చుట్టాలంటే ప్రాణం పోయేది. కింద నుంచి లాగితే హాయిగా ఉండేది. ఆ పిల్ల లాగడం చూసే అలవాటైందనుకుంటా. కుట్టు ఎటు కూర్చుంటోందో చూసుకోలేదు. కళ్ళు మూసుకుని అల్లే చెయ్యి కదా నాది, చూసుకునే అలవాటు ఎప్పుడో పోయింది."

"కొట్టావిడ వచ్చినప్పుడు చూశావు."

"చూశాను."

"చూసీ ఆ పిల్ల మీద పెట్టావు."

"అవును" అంది వదిన. "స్వెటర్ చేతికి రాగానే తెలిసిపోయింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. నా చెయ్యి పాడైందని చెప్పడానికి నోరు రాలేదు. టోపీ సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. నిన్నట్నుంచి అన్నం దిగడంలేదు నాకు. ఈ చెయ్యే లేకపోతే నేను ఆ గదిలో ఎవర్ని, చెప్పు?"

మరదలికి కోపమూ జాలీ ఒకేసారి ముంచుకొచ్చాయి. అన్న పోయిన రోజుల్లో ఏడుస్తూ మూల కూర్చున్న తనకి సూదీ దారం చేతిలో పెట్టింది ఈవిడే. కసురుకోవాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నేనూ చూశాను వదినా" అంది చివరికి. "ఒరిగిన ముక్కల్ని లాగి గుండుసూదులు గుచ్చాను. నేను అప్పుడే అడిగి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు."

వదిన ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపులో నింద లేదు. అది ఉన్నా బావుండేదనిపించింది మరదలికి.

మర్నాడు ఇద్దరూ ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. కీలు అరిగింది, ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి, అల్లడం బాగా తగ్గించాలి అని ఆయన చెప్పాడు. చేతికి గట్టి పట్టీ ఒకటి ఇచ్చాడు. అక్కణ్ణుంచి వదిన ఇంటికి కాక కొత్తామె వీధికి నడిచింది. మరదలు వెంట వస్తానంటే వద్దంది. మళ్ళీ అంతలోనే ఆగి, "రా, కింద నిలబడు" అంది.

వదిన ఎంతసేపటికీ కిందికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వస్తానందా?"

"లాండ్రీలో పనికి మాట ఇచ్చిందట. ఆలోచిస్తానంది." కొంతదూరం నడిచాక మళ్ళీ అంది, "నేను కాళ్ళు పట్టుకోబోతే, ‘ముందు అందరిలో చెప్పండి, అప్పుడు చూద్దాం’ అంది. న్యాయమే కదా."

వదిన ఆ మధ్యాహ్నమే చెప్పింది. కూర్చుంటే మాట రాదనుకుందేమో, బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పింది. ఆ స్వెటర్లు నావి, తెలిసే అబద్ధమాడాను, నా చెయ్యి పాడైంది. అంతకంటే పొడుగ్గా చెప్పలేదు. గలగలమ్మ ముక్కు చీది, "ఆ టోపీ పెట్టుకుని తిరిగింది నేను కదా, నాకు బుద్ధి లేదు" అంది. కొట్టావిడకి ఫోన్ చేసి కూడా వదినే చెప్పింది. అవతలి నుంచి ఏమన్నారో మరదలికి వినపడలేదు. వదిన "అవునండీ, అవునండీ" అంటూ చాలాసేపు వింది.

కొత్తామె మూడోనాడు వచ్చింది. పాత చోటు, వదిన పక్కన, కిటికీ దగ్గర ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోలేదు. ఇస్త్రీబల్ల వైపు, మరదలి పక్కన కుర్చీ వేసుకుంది. "నమస్కారమండీ" అంది వదినతో. వదినా అని అనలేదు.

మొదట్లో వదిన తన పాత పద్ధతి వదల్లేదు. చేతికి పట్టీ వేసుకుని నూలు పైనుంచి చుట్టబోయేది. కొన్ని కుట్లు వేసేసరికి ముఖం పాలిపోయేది. చూసీ చూసీ ఒకరోజు కొత్తామె తన చోటు నుంచే అంది:

"కింద నుంచే లాగండి. మార్చుకోవాల్సింది ఉల్టా కాదు. సీదాలో వెనక కాలు పట్టుకుంటే చాలు, తిన్నగా వస్తుంది."

వదిన ప్రయత్నించింది. తలా తోకా తెలియని పిల్లలా కుట్టు కుట్టుకీ ఆగి, ఏ కాలు ముందుందో కళ్ళతో చూసుకుని, సూది దూర్చింది. నాలుగు కుట్లు సరిగా వేస్తే ఐదోది మళ్ళీ పాత దారిన పోయేది. ఎన్నో ఏళ్ళుగా ముందు కాలు పట్టుకున్న చెయ్యి. ఆ ముక్క విప్పింది, మళ్ళీ అల్లింది, మళ్ళీ విప్పింది. ఒకసారి సూదులు నేల మీద పడేసి బయటికి వెళ్ళిపోయింది. ఎవరూ వెనక వెళ్ళలేదు.

ఆమె లేనప్పుడు కొత్తామె కింద పడ్డ ముక్క తీసి దులిపింది. అది ముందుముక్క కాదు, స్వెటర్ చేతి చివర వచ్చే మణికట్టు పట్టీ. ఒక సీదా, ఒక ఉల్టా కుట్టు పక్కపక్కనే వచ్చే పట్టీ. దాన్ని లాగి వదిలింది. టక్కున దగ్గరికి వచ్చేసింది. మళ్ళీ లాగి వదిలింది.

"మరదలుగారూ, ఇటు చూడండి. ఇది ఆ ఒరిగిన స్వెటర్లలోని పనే, కింద నుంచి లాగి ముందు కాలు పట్టుకున్నదే. సీదా కుట్లు మెలిపడ్డాయి, వరస విడిచి వరస. కానీ పట్టీకి ఇది మంచిదే. గీతలు ఎంత నిక్కచ్చిగా నిలబడ్డాయో చూడండి. ఉతికినా వదులైపోదు."

"ఒరగదా?"

"పట్టీలో ఒరగదు. ఇటు ముఖం మీద ఎంత మెలి పడుతుందో, అటు వీపు మీదా అంతే పడుతుంది, ఒకదాన్ని ఒకటి ఆపుతుంది. మేం పట్టీలకు కావాలనే మెలి తిప్పి అల్లుతాం. ఆవిడ చేతికి అది దానంతటదే వస్తోంది."

మరదలు పట్టీని చేతికి తొడుక్కుంది. మణికట్టుని పట్టుకుని కూర్చుంది, నొక్కకుండా. తన దగ్గర ఆరిన పాత స్వెటర్ల పట్టీల్లో ఇంత బిగి ఎప్పుడూ లేదు. తిరిగొచ్చిన ఆ మూడింటి అడుగు పట్టీలు ఎందుకు అంత చక్కగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది.

ఆ రోజునుంచి మణికట్టు పట్టీలూ, మెడపట్టీలూ, నడుంపట్టీలూ వదినవి. అవీ కొంచెం కొంచెంగానే, పొద్దునపూట. ముందుముక్కలూ వీపుముక్కలూ మిగతావాళ్ళవి. గదికి వచ్చే పని మళ్ళీ పుంజుకుంది, కొట్టావిడ మళ్ళీ మనిషిని పంపడం మొదలుపెట్టింది. పట్టీలు గట్టిగా ఉంటున్నాయని ఒకసారి కబురు కూడా పెట్టింది. వదిన విని ఊరికే తలాడించింది. వర్షం పడే రోజుల్లో ఆ పట్టీలు కూడా చెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూసేది. ఆ రోజుల్లో ఎవరూ ఆమెని పలకరించడానికి ధైర్యం చేసేవారు కాదు.

చలి తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, కొత్తామె చెప్పులు వేసుకుంటుండగా మరదలు ఆపింది. చాలారోజులుగా గొంతులో ఉన్న మాట.

"ఆ ముక్కలు ఒరిగి ఉన్నాయని నాకు ముందే తెలుసు. లాగి ఆరబెట్టింది నేనే. ఆ రోజు నోరు తెరవలేదు."

కొత్తామె చెప్పు పట్టీ సరిచేసుకుంటూ, "తెలుసండీ" అంది. "మీ బల్ల మీద ఆరినప్పుడే గుండుసూదుల గుంటలు అంచుల్లో కనిపించాయి నాకు."

మరదలికి తల కొట్టేసినట్టయింది. "మరి నన్ను ఏమీ అనలేదే?"

"మీరు మా ఇంటికి వచ్చారుగా."

"వదిన మీద... ఇంకా ఉందా మనసులో?"

కొత్తామె నిలబడి ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టంలేని మనిషి ఆలోచించినట్టు.

"ఆవిడ చెయ్యి చూస్తే బాధేస్తుంది. పని బావుంది, పిల్లకి స్కూలు దగ్గర. కానీ మళ్ళీ ఆవిడ పక్కన కూర్చోమంటే మాత్రం... నాకింకా టైం పట్టేలా ఉంది. ఎప్పటికైనా కూర్చుంటానేమో, కూర్చోకపోవచ్చు కూడా. మీరు ఆవిడకేం చెప్పకండి."

"చెప్పను."

కొత్తామె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మరదలు లోపలికి వచ్చి దీపం వేసి, మిగిలిన రెండు స్వెటర్ చేతులకి పట్టీలు కలిపి కుట్టడానికి కూర్చుంది. వదిన వెనకగదిలో కుడిచెయ్యి వేణ్ణీళ్ళలో పెట్టుకుని ఉంది. "వెళ్ళిపోయిందా?" అని అక్కణ్ణుంచే అడిగింది.

"వెళ్ళింది."

"ఏమైనా అందా?"

మరదలు దారం సూదిలోకి ఎక్కిస్తూ, "ఏమీ అనలేదు వదినా" అంది.